సంగీతం కింద పడ్డ మాట

నా చెవులంటే నాకు మహా గర్వంగా ఉన్న రోజులవి. రెండు వేల సంవత్సరం దాటి రెండు మూడేళ్లయి ఉంటుంది. బెంగుళూరులో మడివాళ మార్కెట్ వెనక సందులో, స్టీలు సామాన్ల కొట్టు పై అంతస్తులో ఉన్న చిన్న వీడియో స్టూడియోలో ఎడిటింగ్ చేసేదాన్ని. పెళ్లిళ్లు, స్కూలు వార్షికోత్సవాలు, అప్పుడప్పుడూ కంపెనీలవాళ్ల శిక్షణ సినిమాలు. ఏం పని చేస్తావని అడిగినవాళ్లకు "బొమ్మలు అతికిస్తాను" అని చెప్పేదాన్ని గానీ, నాకు అసలు సరదా శబ్దం మీదే.

పెళ్లి వీడియో తీసుకోండి. ఒక క్లిప్పులో పురోహితుడు మైకు మింగేసేంత దగ్గర పెట్టుకుని చెవులు చిల్లులు పడేలా చదువుతాడు. పక్క క్లిప్పులో పెళ్లికూతురి మేనత్త ఆశీర్వాదం బావిలోంచి వచ్చినట్టుంటుంది. ఆ రెండూ అలాగే అతికిస్తే చూసేవాళ్లు రిమోటు చేత్తో పట్టుకుని పెంచుతూ తగ్గిస్తూ కూర్చోవాలి. వాళ్లను అలా కూర్చోబెట్టకపోవడమే నా పని. ఈ పనిలో గమ్మత్తేమిటంటే, బాగా చేస్తే ఎవరికీ తెలియదు. మా ఇంట్లోవాళ్లకు కూడా నేనేం చేస్తానో ఈ రోజుకీ సరిగ్గా అర్థం కాలేదు.

మా యజమాని రెండు తరాలుగా బెంగుళూరులో ఉంటున్న తెలుగాయన. మంచివాడే, కానీ సంగీతం లేని వీడియో అంటే ఆయనకు ఉప్పు లేని పప్పు. మనిషి మాట్లాడుతుంటే కింద వీణో, వయొలినో, ఏదో ఒకటి మోగుతూ ఉండాల్సిందే. "సుమ్నే మాటలు మాత్రం పెడితే ఎవరు చూస్తారమ్మా? స్వల్పం మ్యూజిక్ ఉండాది అంటేనే మనసుకు తగులుతాది" అనేవాడు. ఆయన కన్నడపు "సుమ్నే" అంటే మన "ఊరికే". నేను ఎదురు చెప్పేదాన్ని కాదు. ఆయన స్వల్పానికీ నా స్వల్పానికీ మధ్య చాలా దూరం ఉండేది, అంతే.

ఆ ఏడాది కుందలహళ్ళి దగ్గర కొత్తగా లేస్తున్న ఒక పెద్ద ఆఫీసు భవనం నుంచి మాకు పని వచ్చింది. కూలీల్లో సగానికి పైగా అనంతపురం, కర్నూలు, పాలమూరు వైపు వాళ్లు. అక్కడి సేఫ్టీ ఆఫీసరు, మా యజమాని వయసువాడే, నెమ్మదైన మనిషి, ఇరవై నిమిషాల తెలుగు సినిమా కావాలన్నాడు. కొత్తగా చేరిన ప్రతి బృందానికీ మధ్యాహ్నం భోజనాల షెడ్డులో చూపించాలి. బెల్టు ఎలా కట్టుకోవాలి, సారవ ఎక్కేముందు ఏం చూసుకోవాలి, ఇలాంటివి. సారవ అంటే గోడ చుట్టూ కర్రలతో, పైపులతో కట్టి, పైన పలకలు పరిచే నిచ్చెన లాంటి కట్టు. దాని మీద నిలబడే పని చేస్తారు.

షూటింగు రోజు ఆఫీసరు మాట్లాడాడు. ఒక మేస్త్రి బెల్టు కట్టి చూపించాడు, ఆయన అలవాటుగా నాలుగంతస్తుల పైకి వినిపించేలా అరుస్తూ మాట్లాడాడు. చివర ఆమె వచ్చింది. నలభై ఏళ్లుంటాయేమో. అనంతపురం వైపు మనిషి, ఇసుక మోసే పని. రెండేళ్ల కింద, నగరంలో ఇంకో చోట కడుతున్న అపార్ట్‌మెంటు మీంచి ఆమె భర్త పడి చనిపోయాడు. అక్కడ ఇద్దరూ కలిసే పనిచేసేవాళ్లు. ఆ సంగతి చెప్పమని ఆఫీసరు అడిగాడట. వారం రోజులు ఆలోచించి ఒప్పుకుంది.

నేను ఆమె జాకెట్టు అంచుకు చిన్న మైకు తగిలిస్తుంటే నా చెయ్యి పట్టుకుని ఆపింది. "పాపా, ఒగతూరి చెప్తా. మళ్లా మళ్లా చెప్పమంటే నా చేత కాదు. కానీ చెప్పింది అందరికీ ఇనపడల్ల" అంది.

"వినిపిస్తుందక్కా. అది నా పూచీ" అన్నాను. నా చెవుల మీద నాకున్న గర్వం గురించి ముందే చెప్పాను కదా.

ఆమె మెల్లగా, నేల వైపు చూస్తూ చెప్పింది. "ఆ పొద్దు పలక కట్టిండ్లేదు. నేను చూసినా. పొద్దున్నే చూసినా. చెప్తే మేస్త్రి తిడ్తాడు, పని పోతాదని నోరు మూసుకుంటి." అక్కడ ఆగి అరచేత్తో రొమ్ము మీద ఒక్కసారి కొట్టుకుంది. తర్వాత ఇంకా తగ్గిన గొంతుతో, "మీరు చూస్తే చెప్పండప్పా. పని పోతే ఇంగో పని దొరుకుతాది. మనిషి దొరకడు" అంది. అయిపోయింది. మైకు తీస్తుంటే నా కళ్లు తడిగా ఉన్నాయి, ఆమెవి పొడిగానే ఉన్నాయి.

స్టూడియోకు వచ్చి నాలుగు రోజులు కూర్చున్నాను. క్లిప్పులన్నీ ఒక వరసలో పెట్టి, కంప్యూటరులో ఉన్న ఒక సౌకర్యం వాడాను. ఒక్కో క్లిప్పులో అన్నిటికంటే పెద్ద శబ్దం ఎక్కడుందో అదే వెతుక్కుని, అది గరిష్ఠ గీతను తాకేదాకా మొత్తం క్లిప్పును పైకి లేపుతుంది. అన్నీ ఒకే అంకె దగ్గర వచ్చి నిలిచాయి. మేస్త్రి, ఆఫీసరు, ఆమె, ముగ్గురూ ఒకే ఎత్తు. చూస్తే ఎంత ముచ్చటేసిందో. ఆమె మాట కింద మా యజమాని ఎన్నుకున్న వయొలిన్ పెట్టాను. ఆయన వచ్చి విని, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇదమ్మా. ఇది తగులుతాది" అన్నాడు. హెడ్‌ఫోనులో నాకూ తగిలింది.

మొదటి ప్రదర్శన రోజు నేనూ వెళ్లాను. రేకుల షెడ్డు, ఎనభై మంది దాకా జనం, బల్ల మీద మామూలు టీవీ, దాని కింద వీసీడీ ప్లేయరు. బయట జనరేటరు. ఆమె ముందు వరసలో నేల మీద కూర్చుంది, పక్కన ఆమెతో పనిచేసే ఆడవాళ్లు. మేస్త్రి క్లిప్పు వచ్చేసరికి టీవీ అదిరిపోయింది. ఎవరో లేచి వాల్యూం తగ్గించారు. తర్వాత ఆమె ముఖం వచ్చింది. వయొలిన్ మొదలైంది. అందరూ కదలకుండా చూశారు, చాలామంది కళ్లు తుడుచుకున్నారు. నేను వాళ్ల ముఖాలు చూస్తూ, పర్లేదు, పని ఫలించింది అనుకున్నాను.

అయిపోయాక ఒకాయన మెచ్చుకోలుగా నాతో "పాట శానా బాగుండాది మేడం" అన్నాడు. ఆమె ఏం చెప్పిందో గుర్తుందా అని అడిగాను, ఊరికే, మాట వరసకు. "పాపం, మొగుడు పోయినాడంట కదా" అన్నాడు. మరి పలక సంగతి? "ఏం పలక?" అన్నాడు. ఇంకో ఇద్దర్ని అడిగాను. వాళ్లకూ అంతే తెలుసు. అది కూడా పక్కవాళ్లు చెప్పుకోగా తెలిసింది.

ఈలోగా ఆమె నా దగ్గరకు వచ్చింది. కోపంగా లేదు. ఉంటే బాగుండేది. "నేను చెప్పింది తీసేసినారా పాపా?" అని అడిగింది.

"లేదక్కా, అంతా ఉంది. ఒక్క ముక్క కూడా తీయలేదు."

"ఉండాదంటావు. ఇనపళ్లేదే." నా భుజం తట్టి, "పైవాళ్లు తీసెయ్యమనింటారులే. నీకేం తెలుసు" అని నన్నే ఓదార్చినట్టు అంది. పది రోజుల్లో వాళ్ల బృందం హోసూరు వైపు ఇంకో పనికి వెళ్లిపోతుందని, ఆఫీసరుకు ముందే చెప్పానని కూడా అంది.

బస్సులో మడివాళ చేరేదాకా ఒళ్లు మండిపోతూనే ఉంది. మొదట టీవీ మీద, తర్వాత జనరేటరు మీద, తర్వాత వాల్యూం తగ్గించినవాడి మీద. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు నా తప్పు తప్ప అందరి తప్పులూ కనిపించాయి. స్టూడియోకు రాగానే హెడ్‌ఫోను పెట్టుకుని విన్నాను. స్పష్టంగా వినిపిస్తోంది! ప్రతి అక్షరం. అప్పుడు కోపం పోయి, లోపల ఏదో దురద మొదలైంది. ఎనభై మందికి వినిపించనిది నాకొక్కదానికే ఎందుకు వినిపిస్తోంది?

అప్పుడు ఒక పిచ్చి పని చేశాను. ఆమె గొంతున్న ట్రాకును పూర్తిగా మూసేసి, వయొలిన్ మాత్రం పెట్టి, తెర మీద ఆమె పెదాలు చూస్తూ కూర్చున్నాను. నమ్మండి, మాటలు వినిపించాయి. గొంతు లేనే లేదు, అయినా "మనిషి దొరకడు" దగ్గర నా పెదాలూ కదిలాయి. నాలుగు రోజుల్లో ఆ క్లిప్పు ఏ యాభైసార్లో విని ఉంటాను. మాటలన్నీ కంఠతా వచ్చేశాయి. వింటున్నది చెవి కాదు, జ్ఞాపకం. మా యజమాని కూడా అంతే, షూటింగులో ఎదురుగా నిలబడి విన్నవాడే. ఇంత గర్వపడ్డ చెవులు నన్ను ఇంత నమ్మకంగా మోసం చేస్తాయని నాకప్పటిదాకా తెలియదు. సిగ్గేసింది. కానీ నిజం చెప్పాలంటే, అంతకంటే ఎక్కువగా ఆశ్చర్యమేసింది, ఇంకా చూడాలనిపించింది.

మరి అంకెల సంగతి? అన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయి కదా. ఆమె క్లిప్పు శబ్దాన్ని తెర మీద పెద్దది చేసి చూశాను. కొండ గుర్తులా ఒకే ఒక్క ముల్లు పైదాకా పొడుచుకొచ్చి ఉంది. మిగతాదంతా నేలకు అతుక్కున్న గడ్డి. ఆ ముల్లు దగ్గర ఆపి విన్నాను. ధబ్. ఆమె రొమ్ము మీద కొట్టుకున్న దెబ్బ. మైకు అక్కడే ఉంది కదా. కంప్యూటరు ఆ దెబ్బను చూసి, ఈ క్లిప్పు ఇప్పటికే పైదాకా ఉంది, ఇంక లేపేదేమీ లేదని ఊరుకుంది. ఆమె మాట ఎంత తగ్గి ఉందో దానికి పట్టలేదు. మేస్త్రి అలా కాదు, ప్రతి మాటా ఒకే అరుపు. ఇద్దరి శిఖరాలూ సమానమే, కానీ వినేవాడికి ఆయన అరుపు, ఆమె గుసగుస. చెవి ఒక్క క్షణపు దెబ్బను లెక్కలోకి తీసుకోదు, మాట మొత్తం ఎంత నిండుగా ఉందో అది చూస్తుంది. ఇంత చిన్న సంగతి మూడేళ్లు ఈ పని చేసి నేను గమనించలేదు.

మర్నాడు మా యజమానికి చెప్పాను. ఆయన విని, ఒప్పుకోలేదు. "అందరూ ఏడ్చినారంట కదమ్మా. మళ్లీ సుమ్నే ఎందుకు తల చెడుపుకుంటావు?"

"ఏడ్చారు సార్. ఎందుకు ఏడ్చారో వాళ్లకు తెలియదు. ఆమె చెప్పింది ఏడవమని కాదు, చూస్తే చెప్పమని" అన్నాను. నా గొంతు కాస్త లేచినట్టుంది. ఆయన నన్ను చూసి, "సరే, చెయ్యి చూద్దాము" అని టీ తెప్పించాడు.

మొదట ఆ ఒక్క దెబ్బను పట్టుకుని, శబ్దం గీత మీద దాని ముందూ వెనకా చుక్కలు పెట్టి, ఆ మధ్య ముక్కను మాత్రం కిందికి దించాను. పూర్తిగా తీసెయ్యలేదు. అది ఆమె మాటలో భాగమే. ఆ ముల్లు అణిగాక మాట పైకి లేవడానికి చోటు దొరికింది. లేపాను. మాటతో పాటు వెనక ఉన్న ఇసుక జల్లెడ రొద కూడా లేచింది. కాబట్టి ఆమెను మరీ లేపకుండా మేస్త్రిని దించాను. ఆఫీసరు మామూలు గొంతును కొలతగా పెట్టుకుని, మిగతా ఇద్దర్నీ ఆయన పక్కకు తెచ్చాను. తెర ఆపేసి, కళ్లు మూసుకుని, ఒక క్లిప్పు నుంచి ఇంకోదానికి దూకుతూ విన్నాను. ముగ్గురూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడుతున్నట్టు అనిపించేదాకా. ఆమె వాక్యం చివర గొంతు జారిపోతుంది. "మనిషి" వినిపిస్తుంది, "దొరకడు" నేల మీద పడిపోతుంది. ఆ మాట ఒక్కదాన్నీ విడిగా కాస్త ఎత్తాను.

తర్వాత వయొలిన్. తగ్గించినా అడ్డొస్తూనే ఉంది. ఎందుకా అని చూస్తే, ఆ రాగం ఆమె గొంతు ఉన్న స్థాయిలోనే తిరుగుతోంది. ఇద్దరూ ఒకే తలుపులోంచి దూరాలని చూస్తే ఎవరు ముందు దూరుతారు? బలమున్నవాడే. మంద్ర స్థాయిలో తంబురా పెట్టి చూశాను, కొంత నయం. చివరికి ఆమె మొదటి మాటకు ముందే సంగీతం మెల్లగా దిగిపోయేలా, ఆమె మాటల కింద ఏమీ లేకుండా, ఆమె ముగించి రెండు ఊపిరుల తర్వాతే మళ్లీ వచ్చేలా చేశాను. మా యజమాని రెండుసార్లు పెట్టించుకుని విన్నాడు. "బోడిగా ఉండాదమ్మా" అన్నాడు. వయొలిన్ మళ్లీ పెట్టమని మాత్రం అనలేదు.

బాగుందని నాకు అనిపించింది. అక్కడే నాకు భయం వేసింది. నా చెవుల సాక్ష్యం ఇంక చెల్లదు కదా. ఎప్పుడూ వినని మనిషి కావాలి, చెత్త టీవీ కావాలి, రొద కావాలి. నేనుండే పీజీ హాస్టల్లో మూడూ ఉన్నాయి.

తెల్లవారి ఇడ్లీల వేళ హాల్లో వీసీడీ పెట్టి, వాల్యూం సగానికి తగ్గించాను. వంటింట్లో వంటమ్మ మిక్సీలో చట్నీ రుబ్బుతోంది. ఆమెది ప్రొద్దుటూరు. ఈ సినిమా సంగతి ఆమెకు బొత్తిగా తెలియదు. నేను ఏమీ చెప్పకుండా పేపరు చదువుతున్నట్టు కూర్చున్నాను. మేస్త్రి వచ్చాడు, ఆఫీసరు వచ్చాడు, ఎవరూ వాల్యూం జోలికి పోలేదు. తెర మీద ఇసుక మోసే ఆమె మాట్లాడింది. అయిపోయింది. మిక్సీ ఆగింది.

వంటమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ హాల్లోకి వచ్చి టీవీ వైపు చూసింది. "ఎవురమ్మా ఆ యమ్మ? పలక కట్టలేదని తెలిసి గూడా చెప్పకపోయెనే" అంది. మళ్లీ వంటింటి వైపు తిరిగి, "మనమైనా అంతే చేస్తాంలే. ఎవురు నోరు తెరుస్తారు" అని గొణుక్కుంటూ లోపలికి వెళ్లిపోయింది.

నేను సంతోషంతో ఆ రోజు తొమ్మిది ఇడ్లీలు తిన్నాను.

రెండో ప్రదర్శన ఆమె బృందం వెళ్లిపోవడానికి రెండు రోజుల ముందు కుదిరింది. ఆమె రానంది. ఆఫీసరు చేత చెప్పించి, నేనూ వెళ్లి బతిమాలి, ఎలాగో ఒప్పించాను. ఈసారి ముందు కూర్చోలేదు. షెడ్డు చివర, నా పక్కన, గుంజకు ఆనుకుని నిలబడింది. అదే టీవీ, అదే జనరేటరు, వేరే ఎనభై మంది. వినిపించకపోతే ఈమెకు ఇంకేం చెప్పను?

తెర మీద ఆమె ముఖం వచ్చింది. సంగీతం దిగిపోయింది. సంగీతం ఆగేసరికి ఏమైందోనని అన్నం కలుపుకుంటున్నవాళ్లు కూడా తలెత్తారు. "ఆ పొద్దు పలక కట్టిండ్లేదు. నేను చూసినా." ఆమె మాటలు షెడ్డు చివరిదాకా వచ్చాయి. నా పక్కన నిలబడ్డ మనిషి తన గొంతు విని ఒక అడుగు వెనక్కి వేసింది. "మనిషి దొరకడు" అన్నప్పుడు ముందు వరసలో ఒక ముసలాయన "అవునమ్మా" అని టీవీకి బదులు చెప్పాడు.

సినిమా అయ్యాక ఆఫీసరు లేచి, ఎవరైనా ఏమైనా అడగాలా అని రివాజుగా అడిగాడు. ఎప్పుడూ ఎవరూ ఏమీ అడగరు. గిన్నెలు కడుక్కోవడానికి లేస్తారు. ఆ రోజు కూడా లేవబోతున్నారు. మధ్య వరసలో కమ్మీలు వంచే పనిచేసే ఒకాయన, కూర్చున్నచోటి నుంచే, "సార్, నాలుగో అంతస్తులో లిఫ్టు గుంత కాడ అడ్డం తీసేసినారు. మూడు దినాలాయ" అన్నాడు.

షెడ్డంతా అటు తిరిగింది. వాళ్ల మేస్త్రి కూడా తిరిగాడు. ఆయన చూపు చూసి నాకే భయమేసింది. ఆ కమ్మీల మనిషి తల దించుకున్నాడు. దించుకునే మళ్లీ అన్నాడు, "ఉత్తి గుంత సార్. చీకట్లో కనపడదు." ఆఫీసరు ఇంకేమీ అడగలేదు. బల్ల మీద ఉన్న హెల్మెటు తీసి తలకు పెట్టుకుని, ఇద్దర్ని వెంటబెట్టుకుని మెట్ల వైపు నడిచాడు.

నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. నవ్వుతూ ఆమె వైపు తిరిగాను. ఆమె నన్ను చూడడం లేదు. తల దించుకు కూర్చున్న ఆ మనిషినే చూస్తోంది. షూటింగు రోజు తడవని కళ్లు అప్పుడు ధారగా కారుతున్నాయి.

"చెప్పినాడు పాపా" అంది. "ఎంతసేపు పట్టె? నేను గూడా అంతే చెప్పింటే అయిపోయేది గదా."

నేను ఆమె చెయ్యి పట్టుకుని నిలబడ్డాను.